కవి వాక్యం ఉత్తరంలోకి: ఎక్కడ చుక్కలు పెట్టాలి, కింద ఏం రాయాలి

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాలు, డబ్బు ఇచ్చినవాళ్ళకి కమిటీ తరఫున కృతజ్ఞతా పత్రం పంపాలి. అందులో గురజాడ వారి "సొంత లాభం కొంత మానుకొని పొరుగువానికి తోడుపడవోయ్" వేద్దామనుకుంటున్నాను. దానికి ముందు అదే గేయంలోని "పూని యేదైనాను" అనే ముక్క కూడా కావాలి, మధ్యవి వద్దు. చుక్కలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? కింద కవి పేరు ఒక్కటే రాస్తే సరిపోతుందా?

సమాధానం:

చుక్కల సంగతి తరువాత. ముందు మీరు రాసిన పాఠం సరిచూసుకోవాలి, ఎందుకంటే అది గురజాడ రాసిన మాట కాదు. పుస్తకంలో ఉన్నది ఇలా ఉంటుంది:

స్వంత లాభం కొంత మానుకు
పొరుగువాడికి తోడుపడవోయ్
దేశమంటే మట్టి కాదోయ్
దేశమంటే మనుషులోయ్ !

"మానుకు" అన్నది నోళ్ళలో నలిగి "మానుకొని" అయింది. అది తప్పని పుస్తకం తెరవకుండానే పట్టుకోవచ్చు. ఇది ముత్యాల సరం. మొదటి మూడు పాదాలు మామూలుగా 14 మాత్రలు, మూడు నాలుగు మూడు నాలుగుగా నడుస్తాయి. స్వంత (3), లాభం (4), కొంత (3), మానుకు (4). "మానుకొని" అంటే చివరి గణం అయిదు మాత్రలై నడక కుంటుతుంది. పైకి చదివితే చెవికే తెలిసిపోతుంది.

కానీ మాత్రలు అన్ని తప్పులనూ పట్టించవు. "పొరుగువాడికి" బదులు "పొరుగువానికి" అన్నా లెక్క ఏడే వస్తుంది. "స్వంత", "సొంత" రెండూ మూడేసి మాత్రలే. ఇలాంటి చోట అచ్చు ప్రతి చూడడం తప్ప దారి లేదు. అచ్చు ప్రతుల్లో కూడా ఈ గేయానికి చిన్న చిన్న తేడాలున్నాయి. కొన్నిటిలో "వట్టి మాటలు", కొన్నిటిలో "వొట్టి మాటలు" అని కనిపిస్తుంది. ఏది అసలుదని మీరు తేల్చనక్కర్లేదు. ఒక ప్రతి ఎంచుకుని, మీరు తీసుకునే అన్ని పాదాలూ అందులో ఉన్నట్టే దించండి. ఒక పాదం ఒక ప్రతి నుంచి, ఇంకోటి ఇంకో ప్రతి నుంచి తీస్తే అది ఏ పుస్తకంలోనూ లేని పాఠం అవుతుంది. పుస్తకం దొరక్కపోతే తెలుగు వికీసోర్సు చూడండి. అక్కడ చాలా పుస్తకాలకు స్కాన్ చేసిన పేజీ పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది, రెండూ పోల్చుకోవచ్చు. వాట్సాప్‌లో తిరిగే బొమ్మలను, క్యాలెండర్ మీది సూక్తులను ఆధారంగా తీసుకోకండి.

కాపీ చేసేటప్పుడు ఒక చిన్న ప్రమాదం ఉంది. ఈ గేయం నిండా పొల్లు అక్షరాలే: మేల్, కాదోయ్, తోడుపడవోయ్. పీడీఎఫ్ నుంచి అతికించినప్పుడు మాటల మధ్య ఖాళీ ఎగిరిపోతే పొల్లు కాస్తా తరువాతి అక్షరంతో కలిసి ఒత్తు పడుతుంది. "మేల్ తన" ఉన్నచోట "మేల్తన" వస్తుంది, "కాదోయ్ దేశ" వెళ్ళి "కాదోయ్దేశ" అవుతుంది. స్పెల్‌చెక్ దీన్ని పట్టుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. అతికించాక ఒక్కో పొల్లు దగ్గర ఆగి చూడండి.

ఇక వదిలేసిన పాదాల విషయం. మీరు అడిగిన రెండు ముక్కలకూ మధ్య రెండు చరణాలున్నాయి, అంటే ఎనిమిది పాదాలు. "ఓర్వలేమి పిశాచి దేశం" అని మొదలయ్యేది ఒకటి, "పరుల కలిమికి పొర్లి యేడ్చే" అని మొదలయ్యేది ఇంకొకటి. ఇంత వదిలినప్పుడు పాదం చివర మూడు చుక్కలు పెట్టి ఊరుకుంటే, ఏదో ఒక మాట పోయిందని చదివేవాళ్ళు అనుకుంటారు. పూర్తి పాదాలు వదిలినప్పుడు వాటి స్థానంలో ఒక వరస చుక్కలు, పై పాదమంత పొడవున, విడిగా ఒక పంక్తిగా వేస్తారు. ఒక్క పాదం వదిలినా, ఎనిమిది వదిలినా ఆ వరస ఒక్కటే. ఎన్ని పోయాయో చెప్పడం దాని పని కాదు, ఇక్కడ కొంత తీసేశామని చెప్పడమే. మీ ఉత్తరంలో ఇలా వస్తుంది:

పూని యేదైనాను, వొక మేల్
కూర్చి జనులకు చూపవోయ్ !
. . . . . . . . . . . . . . . .
స్వంత లాభం కొంత మానుకు
పొరుగువాడికి తోడుపడవోయ్
— గురజాడ అప్పారావు, 'దేశభక్తి'

ఇందులో కొన్ని సంగతులు గమనించండి. పాదాలను విడిగా, ఎడమ అంచు నుంచి కొంచెం లోపలికి జరిపి వేశాం కాబట్టి కొటేషన్ గుర్తులు అక్కర్లేదు. ఆ జరుపుడే "ఇది వేరొకరి మాట" అని చెబుతుంది. రెండూ పెడితే తప్పేమీ కాదు గానీ అనవసరం. "చూపవోయ్" తరువాత ఉన్న ఆశ్చర్యార్థకం పుస్తకంలోనిది, అందుకే ఉంచాం. "తోడుపడవోయ్" తరువాత పుస్తకంలో ఏ గుర్తూ లేదు, అందుకే మనమూ పెట్టలేదు. చరణంలో ఇంకా రెండు పాదాలు మిగిలాయి కదా, చివర చుక్కలు వద్దా అంటే వద్దు. ఆ వాక్యం అక్కడికి పూర్తయింది. అలాగే "పూని" ముందు కూడా చుక్కలు పెట్టలేదు. గేయం మధ్య నుంచి ఎత్తుకున్నామని చదివే వాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. మొదటా చివరా అలవాటుగా చుక్కలు తగిలించేవాళ్ళు ఎక్కువ, దానివల్ల అసలు అవసరమైన చోట పెట్టిన చుక్కలకు విలువ లేకుండా పోతుంది. వాక్యం నడుమ ఆపినప్పుడు మాత్రం చివర చుక్కలు ఉండి తీరాలి. ఉదాహరణకు "ఓర్వలేమి పిశాచి దేశం" దగ్గర ఆపితే క్రియ రాలేదు, ఏం చేసిందో చెప్పలేదు. అక్కడ "ఓర్వలేమి పిశాచి దేశం ..." అనే రాయాలి.

ఉత్తరంలో చోటు తక్కువై వాక్యంలోనే కలిపి రాయాల్సి వస్తే రెండు పాదాల వరకూ ఫరవాలేదు. అప్పుడు కొటేషన్ గుర్తులు పెట్టి, పాదం విరిగిన చోట అటూ ఇటూ ఖాళీతో ఏటవాలు గీత వేయండి: "స్వంత లాభం కొంత మానుకు / పొరుగువాడికి తోడుపడవోయ్". చరణం మారిన చోట రెండు గీతలు. మూడు పాదాలు దాటితే మాత్రం విడిగా వేయడమే మంచిది. గీతల మధ్య పద్యం నడక చచ్చిపోతుంది.

పాదం లోపల మాటలు తీసేయడం వేరే కథ. దానికి మూడు చుక్కలు, ముందూ వెనకా ఒక్కో ఖాళీ. వాక్యం పూర్తయ్యాక కొంత వదిలితే ఆ వాక్యం తాలూకు చుక్క ఒకటి, తరువాత ఈ మూడు, మొత్తం నాలుగు. అయిదు, ఆరు, ఏడు చుక్కలకు ఏ అర్థమూ లేదు. కానీ పద్యంలో పాదం లోపల కోయకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం. నడక పోతుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం అర్థం తిరగబడటం. ఇదే గేయంలో చూడండి:

దేశాభిమానం నాకు కద్దని
వట్టి గొప్పలు చెప్పుకోకోయ్

దీన్ని "దేశాభిమానం నాకు కద్దని ... చెప్పుకోకోయ్" అని కుదిస్తే చుక్కలు నియమం ప్రకారమే ఉన్నాయి, ఒక్క అక్షరం మార్చలేదు, అయినా కవి అనని మాట అతని నోట్లో పెట్టినట్టయింది. ఆయన వద్దన్నది వట్టి గొప్పలను. కుదించిన వాక్యం దేశాభిమానం ఉందని చెప్పుకోవడమే తప్పంటోంది. "పూను స్పర్ధను విద్యలందే / వైరములు వాణిజ్యమందే" అన్నదాంట్లో "విద్యలందే" తీసేసినా ఇంతే, చదువులో పోటీ పడమన్న మాట పోయి వ్యాపారంలో పోటీ, పగ మిగులుతాయి. కోసిన తరువాత మిగిలిన దాన్ని గేయం తెలియనివాళ్ళ చేత చదివించి ఏమర్థమైందో అడగండి. మొత్తం చరణం చెప్పే మాట, వాళ్ళు చెప్పిన మాట ఒకటే అయితే ఆ కోత నిలుస్తుంది.

తెలుగు పద్యానికి మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి. మన పాదం మాట దగ్గరే ఆగాలని లేదు. మాట నడుమ విరిగి తరువాతి పాదంలోకి వెళ్ళొచ్చు. ఇదే గేయం ఆఖరి చరణం చివరి రెండు పాదాలు:

పలుకులను విని దేశమం దభి
మానములు మొలకెత్తవలె నోయ్ !

ఆఖరి పాదం ఒక్కటే బాగుందని తీసుకుంటే "మానములు మొలకెత్తవలె నోయ్" అని మిగులుతుంది. "అభిమానములు"లో సగం పై పాదంలోనే ఉండిపోయింది. చుక్కలు ముందు పెట్టినా ఇది బాగుపడదు. రెండు పాదాలూ కలిపే తీసుకోవాలి. శతక పద్యాల్లో ఇది ఇంకా ఎక్కువ. సుమతీ శతకంలో "అక్కరకు రాని చుట్టము" పద్యం అందరికీ వచ్చు. అందులో రెండో పాదం "మోహరమున దా" అని ఆగి, మూడోది "నెక్కిన బారని గుర్రము" అని మొదలవుతుంది. ఆ "నె"లోని నకారం "తాను" అన్న మాటది, "ఎక్కిన"ది కాదు. గుర్రం ఒక్కటే కావాలనుకుని "నెక్కిన బారని గుర్రము" అని రాస్తే అది అర్థం లేని మాట. తప్పనిసరి అయితే సంధి విడదీసి, మీరు మార్చిన అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి: "[ఎ]క్కిన బారని గుర్రము". ఉత్తరంలో అది పరీక్ష పేపరులా కనిపిస్తుంది. దానికన్నా "ఎక్కితే పరుగెత్తని గుర్రాన్ని వెంటనే వదిలెయ్యమంటుంది సుమతీ శతకం" అని సొంత మాటల్లో చెప్పి, పేరు చెప్పడం నయం. సొంత మాటల్లో చెప్పినప్పుడు కొటేషన్ గుర్తులు ఉండకూడదు, పేరు మాత్రం ఉండాలి.

చదరపు బ్రాకెట్లు ఇంకో చోట కూడా పనికొస్తాయి. ఇప్పటి కవుల్లో చాలామంది చుక్కలు తామే వాడతారు, ఆగడానికో, మాట మింగడానికో. అలాంటి కవితను ఉదాహరిస్తూ మీరూ చుక్కలు పెడితే ఏవి కవివో ఏవి మీవో తెలియదు. అప్పుడు మీవి [...] అని బ్రాకెట్లో పెట్టండి, కవివి ఉన్నవి ఉన్నట్టు వదలండి. గురజాడ గేయంలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి వట్టి చుక్కలు చాలు.

టైపు చేసేటప్పుడు మూడు ఫుల్‌స్టాపులు కొట్టినా, మూడు చుక్కలు ఒకే అక్షరంగా ఉండే U+2026 వాడినా ఒకటే, ఉత్తరమంతా ఒకటే పద్ధతి ఉంటే చాలు. వర్డ్ చాలాసార్లు మొదటిదాన్ని రెండోదిగా తనంతట తానే మార్చేస్తుంది. కొన్ని తెలుగు ఫాంట్లలో ఆ అక్షరం ఉండదు, అప్పుడు వేరే ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది. చుక్కలు ఒక చోట చిన్నవిగా, ఇంకో చోట లావుగా కనిపిస్తే కారణం ఇదే. ఆ మార్పు జరిగిన వెంటనే Ctrl+Z కొడితే మళ్ళీ విడి చుక్కలు వస్తాయి. ఇంకోటి, చుక్కలు పంక్తి మొదట్లోకి జారి ఒంటరిగా నిలబడకుండా, వాటికి ముందుండే ఖాళీని మామూలు స్పేస్‌తో కాకుండా Ctrl+Shift+Space తో పెట్టండి. అప్పుడు ముందు మాటా చుక్కలూ కలిసే కదులుతాయి. చేత్తో రాసే ఉత్తరమైతే చుక్కల మధ్య కాస్త ఎడం ఇచ్చి నొక్కి పెట్టండి, లేదంటే సిరా చింది పడిందనుకుంటారు.

ఇప్పుడు కవి పేరు. ఉత్తరానికి కవి పేరు, రచన పేరు రెండూ ఉంటే సరిపోతుంది. పేరు ఒక్కటే చాలదు. గురజాడ అని మాత్రమే రాస్తే, చదివినవాళ్ళు ఆ మాట ఎక్కడుందో వెతుక్కోవాలంటే ఆయన రాసినవన్నీ తిరగేయాలి. ఈ గేయం పేరు 'దేశభక్తి'. చాలామందికి మొదటి పాదంతో, "దేశమును ప్రేమించుమన్నా" అని తెలుసు. పేరు గుర్తు లేని పద్యానికి మొదటి పాదాన్నే పేరుగా రాయడం ఒప్పుకున్న పద్ధతే. ఇంటిపేరు ముందు, పూర్తిగా రాయండి. పద్యం కింద వేసే పేరుకు "గారు", "మహాకవి" అక్కర్లేదు, ఆ గౌరవం ఉత్తరంలోని వాక్యంలో చూపించొచ్చు. ఆ పంక్తిని పద్యం కిందనే, కుడివైపుకి జరిపి, ముందు ఒక అడ్డగీతతో వేయండి. ఉత్తరం చివర సంతకం దగ్గర వేస్తే మాత్రం ప్రమాదమే, అది పంపినవాళ్ళ పేర్లలో కలిసిపోతుంది. వాక్యంలో కలిపి రాసినప్పుడు కింద విడిగా పేరు వద్దు, ముందే చెప్పేయండి: "గురజాడ అప్పారావు 'దేశభక్తి' గేయంలో అన్నట్టు" అని మొదలుపెడితే చాలు.

ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ సంఖ్య మామూలు ఉత్తరానికి బరువు. మీ పత్రాన్ని గ్రంథాలయ సావనీరులో కూడా అచ్చు వేస్తే మాత్రం ఏ ప్రతి నుంచి తీసుకున్నారో ఒక ముక్క చేర్చండి. "స్వంత" అని ఎందుకు వేశారు, మా పుస్తకంలో "సొంత" ఉంది అని ఎవరైనా అంటే అదే జవాబు. సంవత్సరం రాసేటప్పుడు మీ చేతిలో ఉన్న ముద్రణ సంవత్సరం రాయాలి, గేయం రాసిన సంవత్సరం కాదు. ఈ రెండూ కలిపేస్తే ఆ ఏడాది అచ్చయిన ప్రతి కోసం వెతికేవాళ్ళకు అది ఎక్కడా దొరకదు.

గేయాన్ని మీరు పుస్తకంలో చూడకుండా ఎవరి వ్యాసంలోనో ఉదాహరణగా చూసి తీసుకుంటే, ఆ వ్యాసం పేరు చెప్పడమే నిజాయితీ. అందులో తప్పు దొర్లి ఉంటే ఆ తప్పు కూడా అక్కడి నుంచే వచ్చిందని తెలుస్తుంది.

తరువాత ఎప్పుడైనా శతక పద్యం వేయాల్సి వస్తే మకుటం దగ్గర జాగ్రత్త. వేమన పద్యంలో మకుటంలోనే ఆయన పేరుంది, కాబట్టి నాలుగు పాదాలూ వేస్తే కింద "వేమన" అని మళ్ళీ రాయడం మీ ఇష్టం. మకుటం వదిలి మూడు పాదాలే వేస్తే రాసి తీరాలి. సుమతీ శతకం మకుటం అలా కాదు. "సుమతీ" అన్నది పిలుపు, కవి పేరు కాదు. కింద "— సుమతి" అని రాయడం తప్పు. బద్దెన రాశాడని ప్రతీతి కాబట్టి "— సుమతీ శతకం" అని రచన పేరు ఒక్కటి రాస్తే ఏ పేచీ ఉండదు. మకుటం ఎవరైనా తగిలించగలరు కాబట్టి "విశ్వదాభిరామ వినురవేమ" అని ముగిసిందల్లా వేమనది కాదు. సెల్‌ఫోన్లూ కార్పొరేట్ ఉద్యోగాలూ వచ్చే వేమన పద్యాలు ఇప్పుడు తిరుగుతూనే ఉన్నాయి. బ్రౌను వేమన పద్యాల సంకలనం 1829లోనే అచ్చయింది, తరువాత ఎన్నో సంకలనాలు వచ్చాయి. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ కనబడని పద్యాన్ని వేమన పేరుతో ఉత్తరంలో పెట్టకండి.

హక్కుల గురించి మీరు అడగలేదు గానీ, సావనీరు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. భారత కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు కవి జీవితకాలం, ఆపైన చనిపోయిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన గేయం ఎంతైనా వేసుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన కవితల మీద హక్కు 2043 చివరి దాకా ఉంటుంది. ఇద్దరు ముగ్గురికి పంపే ఉత్తరంలో ఆయన రెండు పాదాలు రాసుకుంటే ఎవరూ ఏమీ అనరు. పూర్తి కవిత సావనీరులో అచ్చేస్తే మాత్రం కింద పేరు వేసినంత మాత్రాన సరిపోదు, హక్కుదారుల అనుమతి కావాలి.